అష్టా చెమ్మ పటం మీద భిన్నాలు: ఆరో తరగతి గదిలో ఒక కేస్ స్టడీ

ఆరో తరగతి పిల్లలకు బోర్డు మీద 1/8 + 1/6 రాసి చేయమంటే, సగం మందికి పైగా 2/14 అని రాస్తారు. పైవాటిని కలిపి పైన, కిందివాటిని కలిపి కింద. క.సా.గు. పద్ధతి చెబితే నేర్చుకుంటారు, పరీక్షలో రాస్తారు, రెండు నెలలకు మళ్ళీ 2/14 దగ్గరికే వస్తారు. దీనికి కారణం వాళ్ళకు పద్ధతి రాకపోవడం కాదని నా అభిప్రాయం. ఆ పిల్లల దృష్టిలో 1/8 అనేది ఒక సంఖ్య కాదు. గీతకు పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు సంఖ్యలు. పాఠ్యపుస్తకంలో రంగు వేసిన వృత్తాలు చూసి 'ఎనిమిదిలో ఒక ముక్క' అని చెప్పగలరు. కానీ 1/8కి ఒక చోటు ఉందని, అది 1/6 కంటే వెనక ఉంటుందని, రెండూ కలిపితే ముందున్న మరో చోటికి చేరతామని వాళ్ళకు తట్టదు.

అందుకని భిన్నాన్ని దారిలో ఒక చోటుగా చూపించే ఆట కోసం వెతికాను. వైకుంఠపాళి మొదట గుర్తొచ్చింది గానీ, పాములూ నిచ్చెనలూ కాయను మధ్యలోంచి ఎగరేస్తాయి కాబట్టి నడిచిన దూరానికి, కాయ ఉన్న చోటుకు పొంతన కుదరదు. పచ్చీసు పటం పెద్దది, పీరియడ్‌లో తెమలదు. మిగిలింది అష్టా చెమ్మ. మా బడిలో పిల్లలందరికీ వచ్చిన ఆట, సుద్దముక్కతో నేల మీద గీసుకోగల పటం. భిన్నాలకు ఇది ఎంత బాగా అమరుతుందో గళ్ళు లెక్కపెట్టాకే తెలిసింది.

పటంలో దాగి ఉన్న 24

మేం ఆడిన పద్ధతి ఇది. అయిదు వరసలు, వరసకు అయిదు గళ్ళు, మొత్తం 25. నాలుగు వైపులా నడిమి గడిలో ఇంటూ గుర్తు, అవి నలుగురి ఇళ్ళు. మధ్య గడి పండు. కాయ తన ఇంటి నుంచి బయలుదేరి గడియారం ముల్లుకు ఎదురు దిశలో బయటి వరస చుట్టి వస్తుంది. తిరిగి తన ఇల్లు రావడానికి ఒక్క గడి ముందు లోపలి వరసలోకి తిరిగి, అక్కడ ముల్లు దిశలో చుట్టి, మధ్యకు చేరి పండుతుంది. బయటి వరసలో 16 గళ్ళు, లోపలి వరసలో 8, మధ్యలో 1.

మొదటి పీరియడ్‌లో భిన్నాల మాటే ఎత్తలేదు. ఒక్కటే అడిగాను: ఇంటి నుంచి పండుదాకా ఎన్ని అడుగులు? చాలామంది 25 అన్నారు. కొందరు 24 అన్నారు. వాదన మొదలైంది. ఇరవై అయిదు అన్నవాళ్ళు ఇంటి గడిని కూడా ఒకటి అని లెక్కపెట్టారు. ఒక అమ్మాయి కాయను ఇంట్లో పెట్టి, 'ఇప్పుడు ఎన్ని అడుగులు వేసింది? ఏమీ వేయలేదు కదా, అయితే ఇది సున్నా' అంది. గళ్ళు 25, అడుగులు 24 అని తరగతి ఒప్పుకుంది.

ఈ వాదనను నేను తొందరగా ముగించలేదు. సంఖ్యారేఖ మీద పిల్లలు సున్నా గీతను ఒకటిగా లెక్కపెట్టడం, స్కేలును 1 దగ్గర పెట్టి పొడవు కొలవడం, ఇవన్నీ ఇదే గందరగోళం. ఇంటి గడి సున్నా అని ఇక్కడ స్థిరపడకపోతే తర్వాత ప్రతి భిన్నం ఒక గడి తప్పుతుంది. తప్పుతోందని పట్టుకోవడం తేలికే: ఇంట్లోంచి 3 పడి బయలుదేరిన పిల్లాడు తానున్న చోటు 1/6 అని రాస్తే, అతను ఇంటిని ఒకటిగా లెక్కపెట్టాడన్నమాట. సరిగ్గా చూస్తే అది 3/24, అంటే 1/8.

ఇప్పుడు గవ్వల సంగతి. నాలుగు గవ్వలు వేస్తాం. నోరు పైకి పడ్డవి ఎన్నో అన్ని అడుగులు: 1, 2, 3. నాలుగూ నోరు పైకి పడితే చెమ్మ, 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, 8. చెమ్మ, అష్ట పడితే మరో పందెం. మొత్తం మీద పడగలిగినవి 1, 2, 3, 4, 8 మాత్రమే. ఈ అయిదూ 24ను శేషం లేకుండా భాగిస్తాయి. మొత్తం దారిని 1 అనుకుంటే, పడే ప్రతి పందెం లవంలో 1 ఉన్న భిన్నమే అవుతుంది: 1/24, 1/12, 1/8, 1/6, 1/3. నేను ఏ నియమమూ మార్చకుండా, ఆటలో ఉన్న గవ్వలే ఈ భిన్నాలను ఇస్తున్నాయి.

ఇళ్ళ గుర్తులు కూడా అలాగే పడ్డాయి. నా ఇంటి నుంచి నాలుగో అడుగు కుడి పక్క వాళ్ళ ఇల్లు, అంటే 1/6. ఎనిమిదో అడుగు ఎదుటివాళ్ళ ఇల్లు, 1/3. పన్నెండో అడుగు ఎడమ పక్క వాళ్ళ ఇల్లు, సరిగ్గా 1/2. పదహారో అడుగుతో లోపలి వరసలోకి అడుగుపెడతాం, అది 2/3. పటం మీద ఒక్క అంకె రాయకుండానే పిల్లలు పట్టుకోవడానికి నాలుగు ఆనవాళ్ళు దొరికాయి.

ఏం తీసేశాం, ఎందుకు

ఇంట్లో ఆడే ఆటకు ఒక మధ్యాహ్నం పడుతుంది. మాకున్నది నలభై అయిదు నిమిషాలు. అందుకని జట్టుకు నాలుగు కాయలకు బదులు ఒక్క కాయ. మామూలు గవ్వలతో ఒక వంతుకు సగటున మూడడుగులకు కాస్త తక్కువ పడుతుంది కాబట్టి ఒక కాయ పండడానికి ఎనిమిది తొమ్మిది వంతులు కావాలి. నాలుగు జట్లు, ప్రతి వంతుకు లెక్క, సరిచూసుకోవడం కలిపితే పీరియడ్ నిండిపోతుంది. రెండో కాయ పెట్టే వీలు లేదు.

ఎదుటి కాయను చంపితేనే లోపలి వరసలోకి వెళ్ళాలనే నియమం కూడా తీసేశాను. పిల్లలకు ఇది నచ్చలేదు, ఆటలో మజా అంతా అక్కడే ఉందన్నారు. కానీ ఆ నియమం ఉంటే, ఎవరినీ చంపని కాయ బయటి వరసలోనే మళ్ళీ మళ్ళీ తిరగాలి. అప్పుడు దారి పొడవు 24 కాదు, ఎంతో ఎవరూ చెప్పలేరు. మొత్తం ఎంతో స్థిరంగా తెలియనప్పుడు భిన్నానికి అర్థమే ఉండదు. చంపడాన్ని మాత్రం తర్వాతి పీరియడ్‌లలో తిరిగి పెట్టాను, లోపలికి వెళ్ళడానికి అది షరతు కాకుండా.

కానీ వీటన్నిటికంటే ముఖ్యమైన మార్పు వేరే ఉంది. గవ్వలు వేసి, కాయ జరిపి, తర్వాత నోట్‌బుక్‌లో 'నేనున్నది 7/24' అని రాసుకోమంటే, అది భిన్నాల పాఠం అనిపిస్తుంది గానీ కాదు. ఆ రాతను తీసేసినా ఆట ఆగదు. పిల్లాడు ఏడు గళ్ళు లెక్కపెట్టి, పక్కన /24 తగిలిస్తున్నాడు. ఏ ఆటనైనా పాఠంగా మార్చేటప్పుడు నేను ఈ పరీక్ష పెడతాను: లెక్క తప్పయితే ఆట ఆగుతుందా? ఆగకపోతే ఆ లెక్క ఆటకు అలంకారం మాత్రమే.

అందుకని ప్రతి జట్టును ఇద్దరిగా విడగొట్టాను. తరగతిలో 32 మంది, నాలుగు పటాలు, పటానికి నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. ఒకరు గవ్వలు వేసి లెక్క చేసేవారు, ఇంకొకరు కాయ జరిపేవారు. గవ్వలు పడేది పుస్తకాల సంచి అడ్డంగా పెట్టిన చోట, కాయ జరిపేవారికి కనబడకుండా. వేసినవారు తానున్న చోటుకు పడిన భిన్నం కలిపి, చేరాల్సిన చోటును కనిష్ఠ రూపంలో చీటీ మీద రాసి ఇస్తారు. చీటీ మీద ఆ ఒక్క భిన్నమే ఉండాలి. నోటితో ఏమీ చెప్పకూడదు, వేళ్ళు చూపించకూడదు. అవతలివారు ఆ చీటీ చూసి, ఆ భిన్నం పటంలో ఎక్కడుందో వెతికి కాయ పెట్టాలి. పక్క జట్టు గవ్వలను, చీటీని, కాయను మూడింటినీ సరిచూస్తుంది. తప్పయితే కాయ వెనక్కి పాత చోటికే, వంతు పోయినట్టే. సగం ఆట అయ్యాక ఇద్దరూ పనులు మార్చుకుంటారు.

ఇలా చేశాక ఇద్దరి మధ్య కబురు భిన్నమే మోస్తుంది. చీటీ మీద 5/12 ఉంటే, కాయ జరిపే పిల్లకు గవ్వల్లో ఎంత పడిందో తెలియదు. దారిని పన్నెండు సమాన భాగాలు చేస్తే భాగానికి రెండడుగులు, అయిదు భాగాలంటే పది అడుగులు అని తనే చేయాలి. కనిష్ఠ రూపంలో రాయమన్నది అందంగా ఉండాలని కాదు. 10/24 అని రాసిస్తే అవతలివారు లవం చూసి గళ్ళు లెక్కపెట్టేస్తారు, హారం వైపు కన్నెత్తి చూడరు.

ఒక జట్టు ఆట

ఒక ఆటను వంతు వంతునా చెబుతాను, ఎందుకంటే ఇందులోనే పిల్లలు ఎక్కడ తడబడతారో కనిపిస్తుంది.

మొదటి వంతులో 3 పడింది. చీటీ: 1/8. కాయ మూడో గడిలో పడింది, సరే. రెండో వంతులో 2, అంటే 1/12. ఇప్పుడు 1/8 + 1/12. లెక్క చేసే అబ్బాయి కాసేపు ఆగి, రెండింటినీ ఇరవై నాలుగో వంతుల్లోకి మార్చాడు: 3/24 + 2/24 = 5/24. కనిష్ఠ రూపం కూడా అదే. మూడో వంతులో చెమ్మ. 5/24 + 1/6 = 9/24, చీటీ మీద 3/8. మరో పందెంలో 1 పడింది: 3/8 + 1/24 = 10/24, చీటీ 5/12. నాలుగో వంతులో 2: 5/12 + 1/12 = 6/12, చీటీ 1/2. అయిదో వంతులో అష్ట పడి పటం చుట్టూ కేకలు. 1/2 + 1/3 = 5/6. అదనపు పందెంలో 3: 5/6 + 1/8 = 23/24.

చీటీలను వరసగా పెట్టి చూడండి: 1/8, 5/24, 3/8, 5/12, 1/2, 5/6, 23/24. కాయ ముందుకే వెళ్తోంది. హారం మాత్రం 8 నుంచి 24కు, మళ్ళీ 8కి, 12కు, 2కు, 6కు, చివరికి 24కు ఎగిరిపడుతోంది. 'ముందుకెళ్తుంటే కింద అంకె ఎందుకు తగ్గుతోంది సార్?' అని ఆ అబ్బాయి అడిగాడు. ఈ ప్రశ్న రావాలనే నేను ఎదురుచూశాను. నేను జవాబు చెప్పకుండా, కాయ 1/2లో ఉన్నప్పటి గడిని చూపించి, దాన్ని ఇంకెన్ని రకాలుగా రాయొచ్చో పటం చుట్టూ ఉన్న ఎనిమిది మందినీ అడిగాను. 12/24, 6/12, 4/8, 3/6, 2/4 వచ్చాయి. గడి మాత్రం ఒక్కటే. హారం అనేది దారిని మనం ఎన్ని భాగాలుగా కోసి చెబుతున్నామో అదేనని, కాయ ఎంత దూరం వచ్చిందో అది ఒక్కటే చెప్పదని ఆ పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగారు.

23/24 దగ్గర ఆ జట్టు ఇరుక్కుపోయింది. పండడానికి సరిగ్గా 1/24 పడాలి, ఎక్కువ పడితే జరగకూడదు. మామూలు ఆటలో ఉన్న నియమమే ఇది, దీన్ని అలాగే ఉంచాను. ఎందుకంటే పండు దగ్గరపడ్డ ప్రతి జట్టూ 'ఇంకెంత మిగిలింది' అని లెక్క వేసుకోవాల్సిందే, తీసివేత దానంతట అదే వస్తుంది. 19/24లో ఉన్న జట్టుకు 5/24 కావాలి. ఒక్క పందెంలో అది పడదు. 1/8, 1/12 రెండు వంతుల్లో పడాలి, లేదా చెమ్మ పడి వెంటనే 1 పడాలి, అంటే 1/6 + 1/24. ఒక భిన్నాన్ని రెండుగా విడగొట్టడం నేను పాఠంగా ఎప్పుడూ చెప్పలేదు. ఏం పడితే బాగుండునో చూసుకునే ఆశలో పిల్లలే చేశారు.

ఆ పటం మీద ఎవరి కాయా పండకముందే గంట కొట్టారు. అలాంటప్పుడు ఎక్కువ దూరం వచ్చినవారు గెలిచినట్టని ముందే చెప్పాను. మొదటి స్థానం 23/24కే. రెండో స్థానానికి రెండు జట్లు పోటీ పడ్డాయి: ఒకరిది 5/8, ఇంకొకరిది 7/12. కళ్ళతో చూసి తేల్చే వీలు లేదు, ఎందుకంటే ఎవరి సున్నా వాళ్ళ ఇంట్లోనే ఉంది. ఒక జట్టు కాయ ఈ మూల, మరో జట్టు కాయ ఆ పక్క. ఏడు పెద్దది, పన్నెండు కూడా పెద్దదే కాబట్టి 7/12 గెలిచిందని ఒక వాదన నడిచింది. చివరికి 15/24, 14/24 అని ఇద్దరూ మార్చుకున్నాక ఒక్క అడుగు తేడా అని తేలింది. భిన్నాలను పోల్చాల్సిన అవసరం ఇంత సహజంగా వచ్చే సందర్భం తరగతిలో నాకు ఎప్పుడూ దొరకలేదు. అందుకే పీరియడ్ సరిపోకపోవడాన్ని నేను లోపంగా చూడను. ఆటను కుదించి అందరి కాయలూ పండేలా చేస్తే ఈ పోలిక పోతుంది.

సగమా, ముప్పావా

వేరే పటం దగ్గర ఒక జట్టు కాయ ఎడమ పక్క వాళ్ళ ఇంటికి చేరాల్సి ఉంది. లెక్క చేసే పిల్ల 1/2 అని చీటీ ఇచ్చింది. కాయ జరిపే అబ్బాయి దాన్ని ఎదుటివాళ్ళ ఇంట్లో పెట్టాడు. సరిచూసే జట్టు తప్పంది, వాడు ఒప్పుకోలేదు.

'ఎదుటి ఇల్లు సగం కదా. ఎడమ పక్కది మూడో ఇల్లు, అక్కడికి వస్తే ముప్పావు అవుతుంది. చుట్టు మొత్తం నాలుగు ఇళ్ళు.'

'మరి లోపల చుట్టు ఎవరు తిరుగుతారు?' అందా పిల్ల.

'అది తర్వాత సంగతి.'

'తర్వాతదైనా నడవాలి కదరా. పండుదాకా లెక్క.'

నేను దగ్గరికి వెళ్ళి ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: దేనిలో? వాడు చేత్తో బయటి వరస చూపించాడు. ఆమె పటమంతా చూపించింది. నేల మీద రెండు లెక్కలు పక్కపక్కన రాయించాను. బయటి వరస మాత్రమే మొత్తం అనుకుంటే 12/16, అంటే 3/4. పండుదాకా మొత్తం అనుకుంటే 12/24, అంటే 1/2. ఒకే గడి, ఒకే పన్నెండు అడుగులు. ఇద్దరి కూడికలూ సరైనవే, ఇద్దరూ అనుకున్న 'ఒకటి' వేరు.

భిన్నాల్లో పిల్లలు చేసే పొరపాట్లలో పెద్ద భాగం ఇక్కడ పుడుతుంది. ఏది మొత్తం అన్నది పుస్తకంలో బొమ్మ నిర్ణయించేస్తుంది, పిల్లలు ఆలోచించే పని ఉండదు. ఈ పటంలో మొత్తంగా తోచేవి రెండున్నాయి: బయటి చుట్టు ఒకటి, దారంతా ఒకటి. ఆ రెండూ పోట్లాడుకుంటాయి కాబట్టి పిల్లలు ఒకదాన్ని ఎంచుకుని చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు మిగతా పటాలను కూడా ఆపించి ఈ గొడవను అందరికీ వినిపించాను. దీని తర్వాత చాలామంది చీటీ రాసే ముందు 'పండుదాకా' అని తమలో తాము అనుకోవడం విన్నాను.

చంపడం తిరిగి పెట్టినప్పుడు దీనికి ఇంకో మెలిక కలిసింది. నాకు 5/24 అయిన గడి, కుడి పక్క వాళ్ళకు 1/24. వాళ్ళ ఇల్లు నా నాలుగో అడుగు దగ్గర ఉంది కదా. ఎవరి కాయ పోయిందో ఆ జట్టు ఎంత దూరం నష్టపోయిందో, చంపిన జట్టే చెప్పాలని నియమం పెట్టాను. అంటే కాయ పోయినవాళ్ళ ఇంటి నుంచి లెక్కపెట్టి వాళ్ళ భిన్నం చెప్పాలి. ఇది కష్టమే. భిన్నాల్లో బాగా వెనకబడ్డ పిల్లలకు ఈ దశ పెట్టకపోయినా నష్టం లేదు.

2/14 పటం మీద పడినప్పుడు

నేను ఈ పని మొదలుపెట్టింది 2/14 కోసమే కాబట్టి అది వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పాలి. ఒక జట్టు 1/8లో ఉంది, చెమ్మ పడింది. లెక్క చేసే అబ్బాయి 1/8 + 1/6 = 2/14 చేసి, కనిష్ఠ రూపం కాబట్టి 1/7 అని చీటీ ఇచ్చాడు. కాయ జరిపే అబ్బాయి దారిని ఏడు భాగాలు చేయబోయాడు, ఇరవై నాలుగు ఏడుతో తెగలేదు. 'ఏడో వంతు ఎక్కడా లేదు సార్' అన్నాడు. తప్పు ఉందని తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు. అప్పుడు సరిచూసే జట్టులోని అమ్మాయి, 'ఆరో వంతు ఇక్కడ, నాలుగో అడుగు. ఏడో వంతు అంతకంటే చిన్నది, దానికి వెనకే ఉండాలి. చెమ్మ ఒక్కటే నాలుగు అడుగులు కదా, ముందున్న మూడు ఎక్కడికి పోయాయి?' అంది.

ఇంకో జట్టులో ఇదే మరీ స్పష్టంగా వచ్చింది. 1/12లో ఉండగా మళ్ళీ 2 పడింది. 1/12 + 1/12 = 2/24, కనిష్ఠ రూపం 1/12. చీటీ చూసి కాయ జరిపే పిల్ల కాయను ముట్టుకోనేలేదు, ఎందుకంటే కాయ ఉన్నది అక్కడే. రెండు అడుగులు పడ్డాక కాయ కదలకపోవడం ఏమిటని ఆ జట్టే చీటీ వెనక్కి తీసుకుంది. నేను తప్పని చెప్పాల్సిన పని లేకుండా పోయింది. పైవి కలిపి కిందవి కలపడం అనే పద్ధతిని వదిలించడానికి ఈ 1/12 + 1/12 కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అది అన్ని పటాల మీదా రాకపోవచ్చు కాబట్టి ఇప్పుడు ఆట మొదలుకు ముందే దీన్ని ప్రశ్నగా అడిగి వదిలేస్తున్నాను.

పట్టీ రాసుకున్న పిల్లలు

కొన్ని ఆటల తర్వాత చీటీలు చాలా వేగంగా రావడం మొదలైంది. నోట్‌బుక్ చివరి పేజీ చూస్తే, 1/24 నుంచి 1 దాకా ఇరవై నాలుగు గళ్ళకూ కనిష్ఠ రూపాలు వరసగా రాసి ఉన్నాయి. గళ్ళు లెక్కపెట్టుకుని, పట్టీలో చూసి, చీటీ రాసేస్తున్నారు. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు ఆ పేజీ పాకిపోయింది.

ఆ పట్టీ రాయడం మంచి పనే. ఇరవై నాలుగు భిన్నాలను సూక్ష్మీకరించి వరసలో పెట్టడం మామూలుగా నేను ఇచ్చే హోంవర్క్ కంటే ఎక్కువ. కానీ పట్టీ వచ్చాక కూడిక ఆగిపోతుంది. కాబట్టి పట్టీని నిషేధించకుండా పటం మార్చాను. ఏడు వరసలు, వరసకు ఏడు గళ్ళు. మొత్తం 49 గళ్ళు, ఇంటి నుంచి పండుదాకా 48 అడుగులు. గవ్వలు అవే. ఇప్పుడు 3 పడితే 1/16, చెమ్మకు 1/12, అష్టకు 1/6. పాత పట్టీ పనికిరాదు. పైగా చిన్న పటంలో లోపలి వరసలోకి అడుగుపెట్టే చోటు 2/3 అయితే, పెద్ద పటంలో అది 24/48, అంటే 1/2. సగం అనగానే ఎడమ పక్క ఇల్లు అని బట్టీ పట్టినవాళ్ళు మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. పెద్ద పటం మీద ఒక పీరియడ్‌లో ఎవరి కాయా పండదు. గంట కొట్టేటప్పటికి ఎవరెక్కడున్నారో పోల్చడమే ఆ ఆట ముగింపు.

ఆట బయట ఏం మిగిలింది

ఆట ఆపేసి కొన్ని వారాలు గడిచాక, గవ్వల ఊసు లేకుండా మామూలు కాగితం మీద లెక్కలు ఇచ్చాను. 1/4 + 1/3 చాలామంది సరిగ్గా చేశారు. కాని ఎలా చేశారో చూడాలి: 6/24 + 8/24 = 14/24 = 7/12. హారాలు 4, 3 అయినప్పుడు క.సా.గు. 12 చాలు. వాళ్ళు 24 దాకా వెళ్ళారు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో భిన్నాలు కలిసే చోటు 24. జవాబు సరైనదే కాబట్టి నేను మార్కులు తగ్గించలేదు. అయితే ఇది క.సా.గు. అర్థమైందనడానికి రుజువు కాదు. 24 అనే ఒక మంచి ఉమ్మడి హారం గుర్తుండిపోయింది, అంతే.

1/2 + 1/5 దగ్గర అది బయటపడింది. కొందరు అక్కడ కూడా 24నే పట్టుకుని, అయిదో వంతుకు ఎన్ని అడుగులో తేలక కాగితం ఖాళీగా వదిలేశారు. 2/7 అని రాసినవాళ్ళు మునుపటి కంటే బాగా తగ్గారు గానీ, ఖాళీగా వదిలేసినవాళ్ళు కొత్తగా వచ్చారు. నాకు వీళ్ళ పరిస్థితే మెరుగనిపిస్తుంది. 2/7 రాసిన పిల్లకు తప్పు చేశానన్న సంగతే తెలియదు. ఖాళీగా వదిలేసిన పిల్లకు తన దారి ఈ లెక్కకు సరిపోదని తెలుసు. వాళ్ళను పిలిచి, 'అయిదో వంతు, సగం రెండూ గళ్ళ మీద సరిగ్గా పడాలంటే దారి ఎంత పొడవుండాలి?' అని అడిగితే, కొద్ది సేపట్లో పది అన్నారు. క.సా.గు. అంటే ఏమిటో ఆ పిల్లలకు అలా అందింది: రెండు భిన్నాలూ గడి మీద పడేంత పొడవున్న అతి చిన్న దారి. దీన్నే తర్వాతి పాఠానికి మొదలుగా పెట్టుకున్నాను.

పటాన్ని పెంచి అయిదో వంతులు తేవచ్చా అని కూడా చూశాను. తొమ్మిది వరసల పటంలో 80 అడుగులు, 1/5 అంటే 16. కాగితం మీద బాగుంది కానీ మూడో వంతు పోయింది, 80 మూడుతో తెగదు. 3 పడితే 3/80 అవుతుంది, మొదట్లో దొరికిన ఆ చక్కటి అమరిక లేదు. ఆట కూడా మరీ సాగుతుంది. అయిదో వంతులకు అష్టా చెమ్మను సాగదీయకుండా నేల మీద 61 గళ్ళ తిన్నటి వరస గీసి అదే చీటీల పద్ధతిలో ఆడించడం నయం. 2, 3, 4, 5, 6, 10, 12 అన్నీ అందులోని 60 అడుగుల్లో ఇముడుతాయి. ఒకటి దాటిన భిన్నాలకు కూడా ఈ ఒంటి కాయ ఆటలో చోటు లేదు. వాటికి జట్టుకు రెండు కాయలు ఇచ్చి, రెండూ కలిసి నడిచిన దూరం రాయించాలి: ఒకటి పండి, రెండోది 1/6లో ఉంటే ఒకటీ 1/6. దీనికి రెండు పీరియడ్‌లు వరసగా దొరకాలి. ఈసారి టైమ్‌టేబుల్‌లో శనివారం చివరి రెండు పీరియడ్‌లు కలిపి అడిగాను.